సీ11 కవర్ అంటే ఏ సీ11? పౌచ్‌లు, గ్లాసులను కచ్చితమైన మోడల్‌తో రాసే పద్ధతి

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గరి షాపుకు మనిషే వస్తే చిక్కు లేదు. ఫోన్ చేతిలోకి తీసుకుని పౌచ్ తొడిగి చూపిస్తారు, కెమెరా కటింగ్ కుదరకపోతే ఇంకొకటి తీస్తారు. చిక్కంతా ఫోన్ కళ్ళ ముందు లేనప్పుడే. దేవరకొండ అవతలి ఊరి నుంచో, అచ్చంపేట నుంచో వాట్సాప్‌లో "అన్నా, సీ11కు కవర్ పంపు" అని వస్తుంది. పార్సిల్ ఆర్టీసీ కార్గోలో పోతుంది, రెండు రోజులకు "ఇది పడ్తలేదు" అని ఫోటో వస్తుంది. నూట యాభై రూపాయల పౌచ్ మీద రానుపోను పార్సిల్ ఖర్చు పడ్డాక మిగిలేది ఏమీ ఉండదు. ఇలాంటి తప్పు ఆర్డర్లలో చాలావాటికి మూలం కొన్నవాళ్ళ పొరపాటు కాదు, వస్తువు పేరు రాసిన తీరే.

ఈ మార్గదర్శి ముఖ్యంగా బ్యాక్ కవర్ల గురించి, అందులోనూ ఒకే పేరుతో రెండు మూడు ఫోన్లు ఉన్న చోట ఏం రాయాలన్న దాని గురించి. వాట్సాప్ క్యాటలాగ్‌లో పెట్టినా, ఆన్‌లైన్ సైట్లో పెట్టినా పద్ధతి ఒకటే.

పేరు ఎక్కడ మోసం చేస్తుంది

మూడు రకాలుగా చేస్తుంది. మొదటిది సంవత్సరం. రియల్‌మీ సీ11 మన దేశంలో 2020 జూలైలో వచ్చింది. 2021 జూన్‌లో మళ్ళీ సీ11 పేరుతోనే ఇంకో ఫోన్ వచ్చింది, దాని పేరు చివర 2021 చేర్చారు. వాడేవాళ్ళు మాత్రం రెండింటినీ సీ11 అనే పిలుస్తారు. పాతదాని మోడల్ నంబర్ RMX2185, కొత్తదానిది RMX3231. పాతదానికి వెనక చదరపు చట్రంలో రెండు కెమెరాలు, కొత్తదానికి ఒక్కటే.

రెండోది 4జీ, 5జీ తేడా. శామ్‌సంగ్ గెలాక్సీ ఎం13 రెండు రకాలుగా 2022 జూలైలో వచ్చింది. 4జీ ఫోన్ నంబర్ SM-M135F, వెనక మూడు కెమెరాలు, 6.6 అంగుళాల తెర. 5జీ ఫోన్ నంబర్ SM-M136B, వెనక రెండు కెమెరాలు, 6.5 అంగుళాల తెర. ఒకదాని పౌచ్ ఇంకొకదానికి పనికిరాదు. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. "మీది 4జీయా, 5జీయా?" అని అడిగితే చాలామంది ఫోన్ సంగతి చెప్పరు, పైన సిగ్నల్ గుర్తు పక్కన ఏం కనిపిస్తే అది చెప్తారు. 5జీ సిగ్నల్ అందని ఊళ్ళో 5జీ ఫోన్ వాడే మనిషి నిజాయితీగానే "4జీ" అంటాడు. కాబట్టి ఆ ప్రశ్న అడగడమే తప్పు. ఫోన్ వెనక ఫోటో అడగాలి, లేదా మోడల్ నంబర్ అడగాలి.

మూడోది దేశాన్ని బట్టి మారే పేరు. హోల్‌సేల్ సరుకుతో వచ్చే తప్పులకు ముఖ్య కారణం ఇదే. 2020 ఆగస్టులో మన దేశంలో రెడ్‌మీ 9 అని వచ్చిన ఫోన్ వేరే దేశాల్లో అమ్మిన రెడ్‌మీ 9సీకి దగ్గరిది. బయట రెడ్‌మీ 9 అని అమ్మిన ఫోన్ మన దగ్గర రెడ్‌మీ 9 ప్రైమ్. మన రెడ్‌మీ 9కు కెమెరా చట్రం ఎడమ మూలన ఉంటుంది, 9 ప్రైమ్‌కు నడుమ నిలువుగా ఉండి దాని కిందే వేలిముద్ర సెన్సర్ ఉంటుంది. హైదరాబాద్ జగదీష్ మార్కెట్ నుంచి తెచ్చిన కట్ట మీద "Redmi 9" అని ఉంటే అది తయారైన చోట ఏ అర్థంలో రాశారో లేబుల్ చూసి చెప్పలేం. కవర్ తీసి కటింగ్ ఎక్కడుందో చూస్తే ఒక్క క్షణంలో తెలుస్తుంది: మూలన ఉంటే మన 9, నడుమ ఉంటే 9 ప్రైమ్. కట్ట మీది పేరును అలాగే క్యాటలాగ్‌లోకి ఎక్కిస్తే ఆ కట్టలో ఎన్ని పౌచ్‌లు ఉంటే అన్నీ వాపసు వచ్చే ప్రమాదం ఉంది.

మొదటి పని: సరుకు వచ్చిన రోజే కవర్‌ను గుర్తుపట్టడం

క్యాటలాగ్ రాయడం కన్నా ముందు చేతిలో ఉన్న పౌచ్ ఏ ఫోన్‌దో తేల్చుకోవాలి. చాలా సిలికాన్ పౌచ్‌ల లోపలి వైపు మోడల్ పేరు అచ్చులోనే పోసి ఉంటుంది, వెలుతురుకు వంచితే కనిపిస్తుంది. పైన అంటించిన స్టిక్కర్ కన్నా దాన్నే ఎక్కువ నమ్మాలి. స్టిక్కర్ ప్యాకింగ్‌లో మారిపోవచ్చు, అచ్చు మారదు. అయినా పైన చెప్పిన దేశాల పేర్ల తిరకాసు అచ్చులోనూ ఉంటుంది గనక కటింగ్‌ను కూడా చూడాలి.

కటింగ్ చూసేటప్పుడు ఒక వరుస పెట్టుకుంటే ఏదీ తప్పిపోదు. ముందు కెమెరా కటింగ్: ఏ మూల, ఏ ఆకారం, ఫ్లాష్ దాని లోపలే ఉందా బయట ఉందా. తర్వాత వెనక వేలిముద్రకు రంధ్రం ఉందా. ఆ తర్వాత పక్క బటన్లు: వాల్యూమ్, పవర్ ఒకే వైపా, రెండు వైపులా, పవర్ బటన్ దగ్గర పౌచ్ పూర్తిగా తెరిచి ఉందా. తెరిచి ఉంటే పక్కన వేలిముద్ర ఉన్న ఫోన్‌కు చేసిందని అర్థం. చివరకు పైఅంచు, కింది అంచు: ఇయర్‌ఫోన్ రంధ్రం ఎటు ఉంది, ఛార్జింగ్ రంధ్రానికి ఏ పక్కన స్పీకర్ జాలీ ఉంది.

డమ్మీ ఫోన్లు దొరికితే ఎక్కువగా పోయే మోడళ్ళకు ఒక్కొక్కటి ఉంచుకోవడం మేలు. డమ్మీ లేకపోతే షాపుకు వచ్చిన ఎవరిదైనా ఫోన్‌కు, అడిగి, తొడిగి చూడండి. మెత్తటి పౌచ్‌తో ఒక జాగ్రత్త ఉంది. అది సాగుతుంది. అర మిల్లీమీటరు తేడా ఉన్న ఫోన్‌కూ ఎక్కి కూర్చుంటుంది, అంత మాత్రాన సరిపోయినట్టు కాదు. మూలలు ఎక్కాయా అని కాక, కెమెరా అంచుకూ కటింగ్ అంచుకూ మధ్య ఖాళీ నాలుగు వైపులా సమానంగా ఉందా అని చూడాలి. ఒక వైపు ఖాళీ, ఇంకో వైపు ఆనుకుని ఉంటే అది ఆ ఫోన్ పౌచ్ కాదు. గట్టి ప్లాస్టిక్ కవర్ ఈ విషయంలో దాపరికం చేయదు, పడకపోతే మూలన లేచిపోతుంది.

తేలిన వెంటనే ప్యాకెట్ మీద మార్కర్‌తో సొంత కోడ్ రాయండి. రియల్‌మీ సీ11 2021కు RC11-21, పాతదానికి RC11-20 అన్నట్టు. "కొత్తది", "న్యూ" అన్న మాటలు కోడ్‌లో వద్దు. ఏడాది తిరిగేసరికి ఏది కొత్తదో షాపులో పనిచేసే పిల్లగాడికి తెలియదు. రెండింటినీ ఒకే హుక్కుకు వేలాడదీయడం కూడా వద్దు. క్యాటలాగ్ ఎంత బాగా రాసినా ప్యాక్ చేసే చెయ్యి పక్కదాన్ని తీస్తే పోయేది తప్పు పౌచే.

రెండో పని: పేరు రాయడం

పేరులో వరుస ముఖ్యం. కంపెనీ, సిరీస్, నంబర్, దాని తోక, సంవత్సరం లేదా 4జీ 5జీ, ఆ తర్వాత మోడల్ నంబర్, చివర వస్తువు. తోక అంటే ప్రో, ప్లస్, ఎస్, ఐ, ప్రైమ్, పవర్ లాంటివి. తోక లేని మోడల్‌కు పేరు రాసేటప్పుడే ఎక్కువ అజాగ్రత్త జరుగుతుంది. రెడ్‌మీ 9 అని రాసి వదిలేస్తే 9ఏ, 9ఐ, 9 ప్రైమ్, 9 పవర్ వాళ్ళందరూ "మనదే" అనుకుంటారు. అందుకే తోక లేదన్న సంగతి కూడా రాయాలి.

మోడల్ పేరును ఇంగ్లీషు అక్షరాల్లోనే పెట్టండి, ఎందుకంటే కొనేవాళ్ళ ఫోన్ తెర మీద, డబ్బా మీద అది అలాగే కనిపిస్తుంది. మిగతా వివరం తెలుగులో ఉంటే చదివేవాళ్ళకు హాయి. సీ11 2021 పౌచ్‌కు పూర్తి వివరం ఇలా వస్తుంది:

```
Realme C11 2021 (RMX3231) బ్యాక్ కవర్
గుర్తు: వెనక ఒక్కటే కెమెరా, వేలిముద్ర లేదు
సరిపోతుంది: Realme C20
సరిపోదు: C11 2020 (RMX2185), C12, C15, C21
రకం: మెత్తటి సిలికాన్, నలుపు
కోడ్: RC11-21
```

ఇందులో అన్నిటికన్నా విలువైనది నాలుగో వరుస. "సరిపోతుంది" అని ఎన్ని పేర్లు రాసినా కొనేవాళ్ళు తమకు కావలసిన పేరు కోసమే వెతుకుతారు, దగ్గరగా ఏది కనిపించినా ఆగిపోతారు. "సరిపోదు" కింద తమ ఫోన్ పేరు కనిపిస్తే మాత్రం చెయ్యి వెనక్కి పోతుంది. ఆ వరుసలో రాయాల్సినవి లోకంలోని మోడళ్ళన్నీ కావు. పేరులో ఒక్క అక్షరమో అంకో తేడా ఉన్నవి మాత్రమే, నాలుగైదు చాలు.

సరిపోయే జాబితా గురించి కొంచెం ఆగి చెప్పాలి. సీ11 2021, సీ20, సీ21 మూడింటి కొలతలూ 165.2 × 76.4 × 8.9 మిల్లీమీటర్లే. కొలతలు చూసి మూడింటికీ ఒకే పౌచ్ అని రాసేవాళ్ళున్నారు. సీ21కు వెనక వేలిముద్ర ఉంది, కెమెరాలు మూడు. సీ11 2021 పౌచ్ దానికి తొడిగితే వేలిముద్ర సెన్సర్ మూసుకుపోతుంది. సీ21 పౌచ్ తెచ్చి సీ11 2021కు తొడిగితే వెనక ఉత్త రంధ్రం మిగులుతుంది, అందులోంచి దుమ్ము చేరి ఫోన్ వెనక గీతలు పడతాయి. అంటే కొలతలు కలవడం మొదటి పరీక్ష మాత్రమే. కొలతలు, కెమెరా కటింగ్, వేలిముద్ర, బటన్లు నాలుగూ కలిస్తేనే ఆ పేరు "సరిపోతుంది" వరుసలోకి రావాలి. హోల్‌సేల్ వాళ్ళు చెప్పిన జాబితాను తొడిగి చూడకుండా ఎక్కించవద్దు.

పాత సీ11కు కొలతలు 164.4 × 75.9 × 9.1. 2021 దానితో పోలిస్తే పొడవులో 0.8, వెడల్పులో 0.5 మిల్లీమీటరు తేడా. మెత్తటి పౌచ్ ఈ తేడాను మింగేస్తుంది. కొన్నవాళ్ళు తొడిగాక గానీ కెమెరా దగ్గర తేడా చూడరు, అప్పటికి ప్యాకెట్ చింపేసి ఉంటారు.

ఫోటో సంగతి

ప్రింట్ పౌచ్‌లకు ఒకే డిజైన్ ఫోటో పెట్టి కింద ముప్పై మోడళ్ళ జాబితా ఇవ్వడం అలవాటైపోయింది. చూసేవాళ్ళు డిజైన్ చూసి మురిసి, జాబితాలో పైనున్న దగ్గరి పేరు నొక్కుతారు. ప్రతి అచ్చుకూ వేరే ఫోటో తీయడం కష్టమే, అయినా పేర్లు కలిసే మోడళ్ళకు మాత్రం తప్పదు. తీయాల్సింది రెండు: వెనక నుంచి నేరుగా తీసినది ఒకటి, ఖాళీ పౌచ్‌ను తెల్ల కాగితం మీద పెట్టి కటింగ్ స్పష్టంగా కనిపించేలా తీసినది ఒకటి. రెండో ఫోటో అందంగా ఉండదు, కానీ కొనేవాళ్ళు తమ ఫోన్ పక్కన పెట్టి పోల్చుకునేది దానినే. నెట్‌లో దొరికిన ఫోటో పెట్టకండి, అది వేరే దేశపు మోడల్‌ది కావచ్చు.

మూడో పని: ఆర్డర్ వచ్చినప్పుడు ఖరారు చేసుకోవడం

ఎంత బాగా రాసినా కొందరు చదవరు. అందుకని పేర్లు కలిసే మోడళ్ళకు ఆర్డర్ రాగానే ఒక్క ప్రశ్న వేయాలి. సీ11 ఆర్డర్ ఇలా నడుస్తుంది:

"అన్నా, సీ11 కవర్ నల్లది ఒకటి పంపు."

"సరే తమ్మీ. సీ11లు రెండున్నయ్. ఇప్పుడున్న కవర్ తీసి ఫోన్ ఎన్క ఫోటో పెట్టు."

కవర్ తీసి అన్న మాట మరిచిపోవద్దు. ఫోన్‌కు ఇప్పటికే తప్పు పౌచ్ ఉండొచ్చు, ఆ పౌచ్ కటింగ్ చూస్తే మనమూ తప్పులో పడతాం. కెమెరాలు ఎన్ని అని మాటల్లో అడిగితే ఫ్లాష్‌ను కూడా లెక్కేసి చెప్తారు, అందుకే లెక్క కన్నా ఫోటో నయం. ఇంట్లో ఫోన్ ఒక్కటే ఉండి, దానితోనే మెసేజ్ పెడుతుంటే దాని వెనక ఫోటో తీయలేరు. అద్దం ముందు నిలబడి తీయమనండి, లేదా మోడల్ నంబర్ అడగండి.

మోడల్ నంబర్ సెట్టింగ్స్‌లో About phone అన్న చోట ఉంటుంది, కొన్ని రియల్‌మీ, ఒప్పో ఫోన్లలో About device. శామ్‌సంగ్‌లో పేరు, నంబర్ రెండూ అక్కడే కనిపిస్తాయి. ఐఫోన్‌లో General లో About తెరిచి Model Number మీద ఒకసారి నొక్కితే A తో మొదలయ్యే నంబర్ వస్తుంది. ఫోన్ డబ్బా ఉంటే పక్కనున్న లేబుల్ మీద కూడా అచ్చై ఉంటుంది. మనిషికి సెట్టింగ్స్ తెరవడం రాకపోతే ఇంకో దారి ఉంది: *#06# కొట్టి వచ్చిన పదిహేను అంకెల ఐఎంఈఐ నంబర్‌ను KYM అన్న మాట, ఒక ఖాళీ, ఆ తర్వాత నంబర్ పెట్టి 14422కు మెసేజ్ చేస్తే కంపెనీ, మోడల్ జవాబుగా వస్తాయి. ఆ మెసేజ్ కొనేవాళ్ళే పంపుకోవాలి. ఐఎంఈఐని షాపుకు పంపమని అడగవద్దు, అది పౌచ్ అమ్మడానికి మనకు అవసరం లేని వివరం. జవాబులో వచ్చిన మోడల్ చెప్తే చాలు.

ఖరారయ్యాక ఒక వరుస తిరిగి రాయండి: "Realme C11 2021, RMX3231, నల్ల సిలికాన్, ఒకటి. ఇదే కదా?" అవును అన్నాకే ప్యాక్ చేయాలి. ప్యాక్ చేసేటప్పుడు మెసేజ్‌లోని పేరును కాక, ప్యాకెట్ మీది కోడ్‌ను ఆర్డర్ కోడ్‌తో పోల్చాలి. పార్సిల్ మూసే ముందు పౌచ్ కటింగ్ కనిపించేలా ఒక ఫోటో తీసి అదే చాట్‌లో పెడితే, తేడా ఉంటే బస్సు ఎక్కకముందే దొరుకుతుంది.

గ్లాసుకు లెక్క వేరు

పౌచ్ కలిసిన చోట గ్లాస్ కలవాలని లేదు, గ్లాస్ కలిసిన చోట పౌచ్ కలవాలని అసలే లేదు. తెర మీద అంటించే గ్లాసుకు వెనక కెమెరాతో పని ఉండదు. తెర కొలత, ముందు కెమెరా ఉన్న చోటు, అంచు వంపు, ఈ మూడే చూసుకోవాలి. ఐఫోన్ 13, 13 ప్రో, 14 మూడింటికీ ఒకే గ్లాస్ పడుతుంది. పౌచ్‌ల దగ్గరికి వస్తే 13 ప్రో కెమెరా చట్రం పెద్దది, 13 పౌచ్ దానికి ఎక్కదు. 14కు 13 పౌచ్ ఎక్కినా బటన్లూ కెమెరా కటింగూ అచ్చంగా కుదరవు. కాబట్టి గ్లాస్ వివరంలోని "సరిపోతుంది" వరుసను పౌచ్ వివరంలోకి కాపీ చేయవద్దు, రెండింటికీ వేర్వేరు జాబితాలు ఉండాలి. ఐఫోన్ 15, 16ల బాడీ కొలతలు ఒకటే అయినా 16కు కెమెరాలు నిలువు వరుసలోకి మారాయి, పక్కన కెమెరా బటన్ కొత్తగా చేరింది. పౌచ్‌లు కలవవు.

నల్ల అంచున్న గ్లాసులకు వివరంలో ముందు కెమెరా ఆకారం తప్పక రాయాలి: నీటిబొట్టు నాచ్, నడుమ రంధ్రం, ఎడమ మూల రంధ్రం. తప్పు గ్లాస్ అంటిస్తే నల్ల అంచు సెన్సర్ మీదికి వస్తుంది, కాల్ మాట్లాడేటప్పుడు తెర ఆరిపోయి తిరిగి వెలగదు. కొన్నవాళ్ళు ఫోన్ పాడైందనుకుంటారు. వంపు తెరకు చదును గ్లాస్ పెడితే అంచుల్లో అంటుకోక గాలి గీతలా నిలుస్తుంది. అలాంటి ఫోన్లకు "వంపు తెరకు" అని పేరులోనే ఉండాలి.

ఛార్జర్లు, కేబుళ్ళకు ఫోన్ మోడల్ కన్నా పద్ధతి పేరు ముఖ్యం. టైప్ సీ అని ఒక్క మాట రాస్తే రంధ్రంలో పడుతుందన్న సంగతి మాత్రమే తెలుస్తుంది. సూపర్‌వూక్ ఫోన్‌కు పీడీ ఛార్జర్ పంపితే ఛార్జ్ ఎక్కుతుంది గానీ ఫోన్‌తో వచ్చిన ఛార్జరంత వేగంగా ఎక్కదు, అదే ఫిర్యాదుగా తిరిగొస్తుంది. ఛార్జర్ మీద అచ్చైన అవుట్‌పుట్ వరుసను ఉన్నదున్నట్టు రాసి, ఏ ఫాస్ట్ ఛార్జింగ్ పనిచేస్తుందో, ఏది పనిచేయదో చెప్పండి.

తప్పు ఎక్కడ జరిగిందో కనుక్కోవడం

వాపసు వచ్చిన ప్రతి పౌచ్‌కు పుస్తకంలో మూడు వివరాలు రాయండి: కొన్నవాళ్ళు అడిగిన పేరు, మనం పంపిన పౌచ్ కోడ్, వాళ్ళ ఫోన్ అసలు మోడల్ నంబర్. ఒక ఉదాహరణ చూద్దాం. అడిగింది సీ11, పంపింది RC11-21, ఫోన్ RMX2185. ఇక్కడ కోడ్ సరిగ్గానే పోయింది, ఖరారు చేసుకోవడమే జరగలేదు. అంటే ఆర్డర్ తీసుకున్న మనిషి ఫోటో అడగలేదు. ఇంకో వరుసలో అడిగింది సీ11 2021, పంపింది RC11-20, ఫోన్ RMX3231 అని ఉంటే తప్పు ప్యాకింగ్‌ది, హుక్కులు దగ్గర దగ్గరగా ఉన్నాయేమో చూడాలి. మూడో రకంలో అడిగినది, కోడ్, ఫోన్ మూడూ కలుస్తాయి, అయినా పౌచ్ పడదు. అప్పుడు తప్పు లేబుల్‌లో ఉంది. ఆ ఒక్క పౌచ్ మార్చి ఊరుకోకుండా అదే కట్టలో మిగిలినవన్నీ తీసి, కటింగ్ ఒక్కొక్కటి చూసి, కోడ్ కొట్టేసి కొత్తది రాయాలి. అప్పటికే ఆ కట్టలోంచి పార్సిళ్ళు పోయి ఉంటే వాళ్ళు ఫోన్ చేసేదాకా ఆగకుండా ఆ రోజే మెసేజ్ పెట్టి, సరైన పౌచ్ తయారుగా ఉంచండి.